నాలుగు వాక్యాల్లో కాలిపోయిన బ్యారన్

‘ఆ ఏడు మా బ్యారన్ తగలబడిపోయింది. మాకు చాలా నష్టం వచ్చింది. నాన్న బాగా కుంగిపోయారు. అయినా ధైర్యం కోల్పోకుండా మమ్మల్ని చదివించి ఇంతవాళ్లను చేశారు.’

ఆత్మకథల చిత్తుప్రతుల్లో ఇలాంటి పేరాలు కొల్లలు. తప్పేమీ లేదు, భాష శుభ్రంగా ఉంది, చెప్పిన విషయం నిజమే అయి ఉంటుంది. కానీ చదివేవాడికి ఏమీ కనిపించదు. బ్యారన్ ఎలా అంటుకుంది, ఎవరు ముందు చూశారు, నాన్న కుంగిపోతే ఇంట్లో ఏం మారింది అన్నవేవీ లేవు. రాసినాయన కళ్ల ముందు ఆ మంట ఇప్పటికీ ఉంది కాబట్టి ‘తగలబడిపోయింది’ అన్న ఒక్క మాట రాయగానే ఆయనకు అంతా వచ్చేస్తుంది. మనకు రాదు. మన చేతికి అందింది ఆ మాట ఒక్కటే.

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, అమెరికాలోని మనవల కోసం రాయాలనుకునే తాతలు, ఉద్యమాల్లో పనిచేసినవాళ్లు ఈమధ్య తమ జీవితాన్ని పుస్తకంగా తేవాలని చాలామంది పూనుకుంటున్నారు. అచ్చుకు ముందు ఒక అధ్యాయం తెలిసినవాళ్లకిచ్చి చదివి చెప్పమంటారు. చదివినవాళ్లు ‘బాగుందండీ, కళ్లు చెమర్చాయి’ అంటారు, లేదంటే అచ్చుతప్పులు దిద్ది ఇస్తారు. ఈ రెంటివల్లా అధ్యాయం మారదు. చూడాల్సినవి రెండే. దృశ్యంలా కనిపిస్తూనే సారాంశం మాత్రమే చెబుతున్న చోట్లు ఏవి? ముక్కూమొహం తెలియని పాఠకుడు దీన్ని ఎందుకు పట్టించుకోవాలి? ఇవి రెండు వేర్వేరు జబ్బులుగా కనిపిస్తాయి గానీ చాలాసార్లు మూలం ఒకటే. అదెలాగో ఒక అధ్యాయం పట్టుకుని చూద్దాం.

ఈ అధ్యాయం నేను నమూనాగా కల్పించింది, ఏ ఒక్కరిదీ కాదు. ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఇంట్లో పుట్టి, బ్యాంకు అధికారిగా పనిచేసి విరమించిన ఒకాయన రాశారనుకుందాం. పేరు ‘పొగాకు రోజులు’. పన్నెండు పేజీలు. మొదటి మూడు పేజీల్లో ఊరు, వంశం, తాతగారి పేరు ప్రతిష్ఠలు. తర్వాతి మూడు పేజీల్లో పొగాకు సాగు. ఏడో పేజీలో పైన చెప్పిన నాలుగు వాక్యాల మంట. ఎనిమిదో పేజీలో అమ్మానాన్నల సంభాషణ. అక్కణ్నుంచి చివరిదాకా ఆయన హాస్టలు, కాలేజీ, బ్యాంకు పరీక్ష, మొదటి పోస్టింగు.

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదవాలి. చేతిలో పెన్నుంటే కన్ను వాక్యం మీద పడుతుంది, అధ్యాయం మీద పడదు. చదివి పక్కన పెట్టి, మర్నాడు కాగితం చూడకుండా ఏం గుర్తుందో రెండు మూడు మాటల్లో రాసుకోవాలి. ఈ అధ్యాయం చదివిన మర్నాడు నాకైతే బ్యారన్ గోడకున్న చిన్న అద్దపు కిటికీ గుర్తుంటుంది. లోపల వేలాడే థర్మామీటరును నాన్న దాంట్లోంచి టార్చిలైటు వేసి చూసేవారని ఐదో పేజీలో ఒకచోట ఉంది. ఇంకేదీ గుర్తుండదు, మంటతో సహా. పన్నెండు పేజీల్లో మిగిలింది ఒక కిటికీ అంటే, ఆ ఒక్కచోటే రచయిత నిజంగా చూస్తూ రాశాడన్నమాట.

రెండోసారి పెన్సిలుతో చదవాలి. ప్రతి పేరా పక్కన ‘దృ’ అనో ‘సా’ అనో రాసుకుంటూ పోవాలి. దృశ్యమైతే ‘దృ’, సారాంశమైతే ‘సా’. తేడా పట్టుకోవడానికి తెలుగు వ్యాకరణమే బాగా సాయపడుతుంది. క్రియల చివర చూడండి. ‘నాన్న తెల్లవారుజామునే లేచేవారు. అమ్మ చద్దన్నం కట్టి ఇచ్చేది. మేం ఆకు అందించేవాళ్లం.’ ఈ ‘ఏవారు’, ‘ఏది’, ‘ఏవాళ్లం’ అలవాటుగా జరిగినదాన్ని చెబుతాయి. ఎన్నో రోజులను కలిపి ఒక రోజుగా చెబుతాయి. ‘లేచారు’, ‘ఇచ్చింది’, ‘అందించాం’ అన్నప్పుడే ఫలానా రోజులోకి అడుగుపెడతాం. పేజీలో ‘ఏవారు’ల చుట్టూ సున్నాలు చుట్టుకుంటూ వెళ్తే, మన నమూనా అధ్యాయంలో నాలుగు నుంచి ఆరో పేజీ దాకా సున్నాలే కనిపిస్తాయి. ఒక్కటంటే ఒక్క ‘ఆ రోజు’ ఉండదు.

సున్నాలు చుట్టినంత మాత్రాన అవన్నీ తీసేయాలని కాదు. సారాంశం లేకుండా ఆత్మకథ నడవదు. అరవై ఏళ్ల బతుకును రోజువారీగా రాయడం ఎవరివల్లా కాదు, రాసినా ఎవరూ చదవరు. సంవత్సరాలను దాటించడానికి, పొగాకు తెలియని పాఠకుడికి బ్యారన్ అంటే ఏమిటో చెప్పడానికి సారాంశమే కావాలి. కాకపోతే మంచి సారాంశంలోనూ వస్తువులుంటాయి. చిత్తుప్రతిలో ‘బ్యారన్ కాల్చే రోజుల్లో నాన్న రేయింబవళ్లు ఎంతో శ్రమించేవారు’ అని ఉంది. అదే సంగతిని ఇలా చెప్పవచ్చు: ‘కర్రలకు గుచ్చిన పచ్చాకు లోపల వేలాడదీశాక దాదాపు ఆరు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట తొంభై అయిదు డిగ్రీల దగ్గర పట్టి ఉంచితే ఆకు పసుపు రంగు తేలుతుంది. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండడానికి చివర్లో నూట అరవై దాకా తీసుకుపోవాలి. తొందరపడితే రంగు చెడుతుంది, నిద్రపోతే పొయ్యి చల్లారుతుంది. ఆ ఆరు రోజులూ మా ఇంట్లో ఎవరూ నాన్నతో గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.’ ఇదీ సారాంశమే. ‘ఏవాళ్లు’ కూడా ఉంది. కానీ ‘ఎంతో శ్రమించేవారు’ అని చెప్పనక్కర్లేకుండానే శ్రమ తెలిసింది. పైగా ఆ ఇంటి గాలి ఎలా ఉండేదో చివరి వాక్యం చెప్పింది. ఇలాంటి పేరాకు నేను సున్నా చుట్టను.

అసలు చిక్కు ఎనిమిదో పేజీలో ఉంది. పైకి అది దృశ్యమే. మనుషులున్నారు, కొటేషన్ గుర్తులున్నాయి, కన్నీళ్లు కూడా ఉన్నాయి.

‘ఏమండీ, పోయినేడు బయ్యర్ దగ్గర తెచ్చిన ఎనిమిది వేల అప్పు ఇంకా తీరనే లేదు. ఇప్పుడు బ్యారన్ కూడా కాలిపోయింది. ఇద్దరు పిల్లల చదువులు ఎలాగండీ?’ అంటూ అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. ‘అధైర్యపడకు. కష్టాన్ని నమ్ముకున్నవాళ్లను దేవుడు చల్లగా చూస్తాడు’ అన్నారు నాన్న. వారి ఆత్మస్థైర్యం నన్ను అబ్బురపరిచింది.

దీన్ని పరీక్షించే పద్ధతి చెబుతాను. ఒకటి, ఈ మాట ఎవరితో అంటున్నారు? అప్పు ఎనిమిది వేలని నాన్నకు తెలుసు, తెచ్చిందే ఆయన. బ్యారన్ కాలిన సంగతి కళ్లారా చూశాడు. పిల్లలు ఇద్దరని ఆయనకు చెప్పాలా? అమ్మ నాన్నతో మాట్లాడటం లేదు. పాఠకుడికి సమాచారం అందిస్తోంది. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకుంటున్నారంటే అది కొటేషన్ గుర్తుల్లో పెట్టిన సారాంశం. రెండు, వాళ్లెక్కడున్నారు? వంటింట్లోనా, కాలిన గోడల దగ్గరా, రాత్రా పగలా? తెలియదు. మూడు, ఈ మాటలు వేరే ఏ రైతు ఇంట్లోనైనా అతికిపోతాయా? అతుకుతాయి. పత్తి రైతు ఇంట్లో పెట్టినా, మిరప రైతు ఇంట్లో పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ సంభాషణ మొదలైనప్పటికీ ముగిసినప్పటికీ మధ్య ఏం మారింది? ఏమీ మారలేదు. మొదలయ్యేటప్పుడు అప్పుంది, భయం ఉంది. ముగిసేటప్పుడూ అవే ఉన్నాయి. ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఎవరికీ కొత్త సంగతి తెలియలేదు.

అందుకే ‘దృశ్యాలు పెట్టండి, సంభాషణలు పెట్టండి’ అని సలహా ఇవ్వడం ప్రమాదకరం. రచయిత వినయంగా వెళ్లి తన సారాంశాన్నే అమ్మ నోట్లో పెట్టి తెస్తాడు. సంభాషణ ఉన్నంత మాత్రాన దృశ్యం కాదు. ఒకచోట, ఒకవేళ, ఒకరు ఏదో కోరుకుని, ఆ కోరిక నెరవేరడమో చెదిరిపోవడమో జరిగి, లేచేసరికి పరిస్థితి మారి ఉంటే అది దృశ్యం. మాటే లేకుండా కూడా దృశ్యం ఉండొచ్చు.

ఇప్పుడు రెండో ప్రశ్న. పాఠకుడు ఎందుకు పట్టించుకోవాలి?

రచయితను అడిగితే ‘మా నాన్నగారి కష్టం ఈ తరానికి తెలియాలండీ’ అంటారు. అది ఆయన రాయడానికి కారణం. మనం చదవడానికి కారణం కాదు. కష్టపడిన నాన్నలు ఈ నేల మీద కోట్లలో ఉన్నారు. అమెరికన్ రచయిత్రి వివియన్ గోర్నిక్ 2001లో వచ్చిన ‘ది సిట్యుయేషన్ అండ్ ది స్టోరీ’ అన్న పుస్తకంలో దీన్ని చక్కగా విడదీసింది. జరిగిన సంగతులూ పరిస్థితులూ ఒకటి, వాటిలోంచి రచయిత తేల్చుకోవడానికి వచ్చిన విషయం మరొకటి అంటుంది. మన అధ్యాయంలో పరిస్థితి పుష్కలంగా ఉంది: పొగాకు, అప్పు, మంట, చదువు. తేల్చుకోవాల్సింది ఏమిటో లేదు. అన్నీ ముందే తేలిపోయాయి. నాన్న గొప్పవాడు, కష్టం ఫలించింది, కొడుకు బ్యాంకు అధికారి అయ్యాడు. మొదటి పేజీలోనే జవాబు తెలిసిపోయాక ఇక పన్నెండో పేజీదాకా ఎందుకు నడవాలి?

మన తెలుగులోనే చూడండి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడ వయసు తొంభై దాటింది. కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, పెద్ద నాయకుడి భార్య కావడం – ఇవన్నీ పరిస్థితులు. ఇవి చరిత్ర పుస్తకాల్లోనూ దొరుకుతాయి. కానీ భర్త వదిలి వెళ్లిపోయాక ఒక మనిషి మళ్లీ చదువుకుని, ఉద్యోగం చేసుకుని, కడుపున పుట్టినవాళ్లను పోగొట్టుకుని, దేన్ని పట్టుకుని నిలబడింది అన్నది ఆవిడ మాత్రమే చెప్పగల సంగతి. ఉద్యమంతో ఏ సంబంధమూ లేని పాఠకులు కూడా ఆ పుస్తకాన్ని దగ్గరికి తీసుకున్నారంటే నా దృష్టిలో కారణం అదే.

అయితే బ్యాంకు అధికారి గారి అధ్యాయంలో అలాంటి ప్రశ్న లేనే లేదా? ఉంది. ఇలాంటి చిత్తుప్రతుల్లో అది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, రాసినాయనకు కనిపించదంతే. దాన్ని వెతకడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటుంది. రచయిత ఎక్కడ ఆగి వర్ణించాడో చూడటం మానేసి, ఎక్కడ పరుగెత్తాడో చూడాలి. సంగతి పెద్దది, వాక్యం చిన్నది అయిన చోట్లకు గీత గీయాలి. తొమ్మిదో పేజీ మొదటి పేరాలో ఇలా ఉంది: ‘అదే ఏడు అక్క బడి మానేసింది. జూన్‌లో నన్ను ఒంగోలు హాస్టల్లో చేర్చారు. హాస్టల్ జీవితం నాకు క్రమశిక్షణ నేర్పింది.’

మొదటి వాక్యం మళ్లీ చదవండి. అక్క పదో తరగతి. బ్యారన్ కాలింది సంక్రాంతి దాటాక. అంటే పబ్లిక్ పరీక్షలు నెలల దూరంలో కూడా లేవు. ఆ పిల్ల పరీక్ష రాయకుండా బడి మానేసింది. అదే వేసవి తర్వాత తమ్ముణ్ని డబ్బు కట్టి హాస్టల్లో చేర్చారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న చుక్క దగ్గర అధ్యాయం మొత్తం దాగి ఉంది. ఎవరు నిర్ణయించారు? ఆ పదమూడేళ్ల పిల్లాడికి అప్పుడు తెలుసా? ‘మమ్మల్ని చదివించి ఇంతవాళ్లను చేశారు’ అన్న ఏడో పేజీ వాక్యంలో ‘మమ్మల్ని’ అన్నది నిజమేనా?

రెండు జబ్బుల మూలం ఒకటేనని నేనన్నది ఇందుకే. సారాంశం ఆయన చేతకాక రాసింది కాదు. దృశ్యం రాయాలంటే ఆ ఉదయం ఇంట్లో నిలబడి చూడాలి. చూస్తే అక్క కనిపిస్తుంది. సారాంశంలో అయితే ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. నాన్న గొప్పతనం దగ్గర నుంచి హాస్టల్ క్రమశిక్షణ దగ్గరికి ఒక్క గెంతులో చేరిపోవచ్చు.

దీన్ని రచయితకు ఎలా చెప్పాలన్నది సున్నితమైన విషయం. ‘మీ అక్కకు అన్యాయం జరిగింది, దాని గురించి రాయండి’ అనడం మన పని కాదు. అన్యాయమో కాదో మనకు తెలియదు, మనం ఆ ఇంట్లో లేము. ‘ఇక్కడ దృశ్యం కావాలి’ అని మార్జిన్లో రాసినా పని జరగదు. ప్రశ్నలు రాయాలి, అవీ జవాబు చెప్పగలిగిన చిన్న ప్రశ్నలు. అక్క బడికి ఆఖరిసారి ఏ రోజు వెళ్లింది? మర్నాడు పొద్దున ఆ వేళకు ఏం చేస్తోంది? ఆమె పుస్తకాలు ఏమయ్యాయి? మీకు ఆ సంగతి ఎవరు చెప్పారు, లేక ఎవరూ చెప్పలేదా? ‘అప్పుడు మీకెలా అనిపించింది’ అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకు ‘ఎంతో బాధపడ్డాను’ అన్న జవాబే వస్తుంది. పుస్తకాలు ఏమయ్యాయి అని అడిగితే ఒక వస్తువు వస్తుంది, దాని వెంట మనిషి వస్తాడు.

ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికేటప్పుడే జ్ఞాపకం ఎక్కడ గట్టిదో ఎక్కడ బోలుదో తేలుతుంది. ఈ అధ్యాయంలోనే ఆరో పేజీలో ‘1982లో వేలం కేంద్రంలో నాన్న పొగాకుకు మంచి ధర పలికింది’ అని ఉంది. పొగాకు బోర్డు 1976లోనే ఏర్పడినా ఆంధ్రప్రదేశ్‌లో వేలం మొదలైంది 1985లో. అంతకుముందు రైతు బేళ్లను నేరుగా కంపెనీలకో వ్యాపారులకో ఇచ్చి వాళ్లు కట్టిన ధర, వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకోవాల్సిందే. సారాంశంలో ఈ పొరపాటు ఎవరికీ తట్టదు. ‘ఆ రోజు బేళ్లు ఎక్కడ దింపారు, ధర ఎవరు చెప్పారు, డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది’ అని అడిగిన క్షణాన బయటపడుతుంది. బయటపడితే కథకు మేలే. డబ్బు చేతికి రావడం ఆలస్యమయ్యే రోజులవి అని తెలిస్తే, ఆ ఇంటికి అప్పు ఎందుకు తీరలేదో, బ్యారన్ ఒక్కటి కాలితే ఎందుకు అంతా తలకిందులైందో అర్థమవుతుంది.

గుర్తు లేకపోతే? కల్పించకూడదు. నవలకున్న స్వేచ్ఛ ఆత్మకథకు లేదు. కానీ అడగవచ్చు. ఆయన వెళ్లి అక్కను అడిగారనుకుందాం. నాన్న మానిపించాడనే ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. ఆమె చెప్పింది వేరు: ‘నన్నెవరూ మానమనలా. రెండ్రోజులు గ్రేడింగుకు పొమ్మని అమ్మ అడిగింది. ఆ రెండ్రోజులే అట్టా సాగిపోయినయి.’ నన్నడిగితే, అధ్యాయానికి వెన్నెముక ఇదే. దుర్మార్గుడు లేడు, నిర్ణయం లేదు, గట్టిగా పలికిన మాట ఒక్కటి లేదు. రెండు రోజులు అన్నది ఒక జీవితమైంది. ఏ ఊళ్లో ఏ పంట పండించే ఇంట్లోనైనా ఇలా ఆగిన చదువులున్నాయి. పొగాకు గురించి ఏమీ తెలియని పాఠకుడు కూడా ఇక్కడ తలెత్తి చూస్తాడు, తన ఇంట్లో అలా మిగిలిపోయిన ఒకరు గుర్తొస్తారు.

ఇక తిరగరాత. ఆయన తెచ్చిన రెండో చిత్తుప్రతిలో ఆ చోటు ఇలా ఉందనుకుందాం:

‘మంగళవారం పొద్దున అక్క జడ వేసుకుని, సంచి సర్దుకుని వసారాలో నిలబడి ఉంది. ఇంకా నాలాగే అన్నం కోసం చూస్తోందనుకున్నాను. అమ్మ లోపల్నుంచి పాత చీర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “దుమ్ము పడుద్ది, తలకు చుట్టుకో” అంది. అక్క సంచి తీసి గోడకున్న మేకుకు తగిలించింది. “రెండ్రోజులేగా” అంది అమ్మతో. అమ్మ ఏమీ అనలేదు. నాన్న అరుగు మీద కూర్చుని కాలిన బ్యారన్లో ఏరి తెచ్చిన ఇనప గొట్టాల్లో పనికొచ్చేవి వేరు చేస్తున్నారు. తల ఎత్తలేదు. ఆ రోజు బడికి నేనొక్కణ్నే వెళ్లాను. దారి పొడుగునా ఎవరూ “త్వరగా నడువు” అనలేదు, అందుకు సంతోషించాను. సాయంత్రం అక్క వచ్చాక చేతులు ఎంత కడుక్కున్నా ఘాటు పోలేదు. ఆ చేత్తో అన్నం పెడితే నాకు వద్దన్నాను.’

ఎనిమిదో పేజీ పరీక్షలే దీనికీ పెడదాం. ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిసింది. అమ్మ మాట పాఠకుడితో కాదు, కూతురితోనే. ఆ మాట ఇంకే ఇంట్లోనూ అతకదు, దుమ్మూ ఘాటూ గ్రేడింగు కొట్టానివి. సంచి భుజం మీద ఉండగా మొదలైంది, మేకుకు తగిలాక ముగిసింది. మారిందేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పు మాట ఎక్కడా రాలేదు, నాన్న చేతుల్లో గొట్టాలు చూస్తే చాలు. పిల్లాడి సంతోషమూ, అన్నం వద్దనడమూ ఆయన తనను తాను కాపాడుకోకుండా రాసిన వాక్యాలు. ‘వారి ఆత్మస్థైర్యం నన్ను అబ్బురపరిచింది’ అన్న వాక్యానికీ వీటికీ మధ్య ఉన్న దూరమే ఈ సమీక్ష సాధించగలిగేది.

ఇక్కడ ఇద్దరు ‘నేను’లు ఉన్నారని కూడా గమనించాలి. ఒకడు ఆ పదమూడేళ్ల పిల్లాడు, అతనికి సంచి ఎందుకు తగిలించారో తెలియదు. రెండోవాడు ఇప్పుడు రాస్తున్న పెద్దాయన, అతనికి తెలుసు. దృశ్యం నడుస్తుండగా పెద్దాయన మధ్యలో దూరి ‘ఆనాటి సమాజంలో స్త్రీ విద్యకు ప్రాధాన్యం ఉండేది కాదు’ అని ఉపన్యసిస్తే పిల్లాడు మాయమైపోతాడు. పెద్దాయన మాట్లాడాలి గానీ దృశ్యం ముగిశాక, తన మాటగా మాట్లాడాలి. ‘నన్ను చేర్చిన హాస్టలుకు కట్టిన డబ్బులో అక్క కూలి ఎంతుందో నేనెప్పుడూ లెక్క వేయలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. జీవితమంతా లెక్కలు వేసిన బ్యాంకు మనిషి నోట ఆ వాక్యం రావడంలో బరువుంది.

మరి మంట సంగతి? ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి రుచించకపోవచ్చు. మంటను పెద్ద దృశ్యం చేయవద్దనే చెబుతాను. చూడటానికి అదే అధ్యాయంలో గొప్ప ఘట్టంలా ఉంటుంది: అర్ధరాత్రి, ఎగిసే జ్వాలలు, బిందెలతో పరుగెత్తే జనం. కానీ మంట ఆ కుటుంబం మీద వచ్చి పడింది, అందులో ఎవరూ ఏదీ ఎంచుకోలేదు. ఈనె ఎండే దశలో పెళుసెక్కిన ఆకు ఒకటి కర్ర నుంచి జారి ఎర్రగా కాగిన గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ అంటుకుంటుంది. ఆ సంగతి, పెంకులు పేలిన చప్పుడు, తెల్లారాక నాన్న ముందు గొట్టాల కోసం బూడిదలో వెతకడం – ఇవి ఒక్క పేరాలో, బిగువైన సారాంశంగా ఉంటే సరిపోతుంది. విస్తరించాల్సింది మనుషులు ఏదో ఒకటి చేసిన చోటు, చేయకుండా ఊరుకున్న చోటు. వసారాలో ఆ ఉదయం నాన్న తల ఎత్తకపోవడం అగ్నిప్రమాదం కన్నా పెద్ద సంఘటన.

మిగతా పేజీల్లో కోత సులువుగానే తేలుతుంది. ప్రశ్న దొరికాక ప్రతి పేరానూ దాని ముందు నిలబెట్టి చూడవచ్చు. మూడు పేజీల వంశచరిత్రలో తాతగారు ఆడపిల్లలను బడికి పంపిన తొలి మనిషి అన్న వాక్యం ఉంటే అది ఉండాలి, ఆయన కట్టించిన సత్రం గురించిన పేరా వేరే అధ్యాయానికి పోవచ్చు. సాగు వివరాల్లో నారుమడి గురించి రాసింది తగ్గించవచ్చు, గ్రేడింగు కొట్టం గురించి పెంచాలి, ఎందుకంటే అక్క అక్కడ కూర్చుంది. చివరి నాలుగు పేజీల కాలేజీ, బ్యాంకు పరీక్ష ఈ అధ్యాయంలో ఉండాల్సిన అవసరమే లేదు. అన్నీ కలిపి చూస్తే పన్నెండు పేజీలు ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. ఎక్కడ మొదలుపెట్టాలన్నది రచయిత ఇష్టం. ఊరి పేరు, వంశం పేరుతోనే మొదలవ్వాలన్న నియమం మాత్రం ఏదీ లేదు.

ఒక విషయం సమీక్షించేవాళ్లు మరచిపోతుంటారు. ఇలా తవ్వి తీసిన సంగతి రచయిత ఒక్కడిదే కాదు. అక్క బతికే ఉంది. ఆమెకు పిల్లలున్నారు, వాళ్లు ఈ పుస్తకం చదువుతారు. ‘రెండ్రోజులేగా’ అన్న మాట ఆమె తమ్ముడికి చెప్పుకుంది, లోకానికి చెప్పలేదు. అందుకే తిరగరాసిన పేజీలు నా దగ్గరికి రెండోసారి రాకముందే ఆమె చేతికి వెళ్లాలంటాను, లేదా ఆమె దగ్గర కూర్చుని చదివి వినిపించాలి. ఆమె ఒకటి రెండు సంగతులు సరిచేస్తుంది. అది చీర కాదు తువ్వాలు అంటుంది. మంగళవారం కాదు, సంత రోజు అంటుంది. వద్దు అని కూడా అనవచ్చు. అప్పుడు ఆమె మాటలూ, గ్రేడింగు కొట్టమూ తీసేయాలి. మిగిలేది తమ్ముడి వంతు: బడికి ఒంటరిగా నడిచిన దారి, హాస్టలుకు కట్టిన డబ్బు, అన్నం వద్దన్న సాయంత్రం. అవి ఆయనవి, వాటిని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ కాస్తతో కూడా అధ్యాయం నిలుస్తుంది.